ఏబీజీ చదివే క్రమం: ఒక రిపోర్టుతో

28 ఏళ్ల రోగి. మధుమేహం ఉంది, రెండు రోజులుగా వాంతులు. ధమని రక్తం రిపోర్టు ఇది:

```
pH 7.32   PaCO2 28   HCO3 14
Na 138    Cl 90      albumin 4.0
```

ముందు అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా చూడండి.

```
H+ = 24 × PaCO2 / HCO3 = 24 × 28 / 14 = 48
```

పీహెచ్ 7.32 అంటే హైడ్రోజన్ అయాన్ దాదాపు 48 నానోమోల్. పొసిగింది. యంత్రం బైకార్బొనేట్‌ను ఈ సూత్రంతోనే లెక్కకడుతుంది. కాబట్టి పొసగలేదంటే చాలావరకు కేసు షీటులోకి ఎక్కించేటప్పుడు అంకె తప్పి ఉంటుంది, లేదా బైకార్బొనేట్ వేరే వేళ తీసిన రక్తానిది. సిరంజిలో హెపారిన్ ద్రవం ఎక్కువైతే మాత్రం ఈ లెక్క పట్టుకోలేదు: కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ రెండూ కలిసే పడిపోతాయి.

రెండో అడుగు, పీహెచ్. 7.35 కంటే తక్కువ, అసిడోసిస్. బైకార్బొనేట్ తగ్గింది (22–26 ఉండాలి), కాబట్టి మూలం మెటబాలిక్. కార్బన్ డయాక్సైడ్ మూలమైతే అది 45 దాటి ఉండేది.

మూడోది పరిహారం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

```
PaCO2 = 1.5 × HCO3 + 8 ± 2 = 27–31
```

28 ఉంది, సరిపోయింది. ఇదే రోగికి 38 వచ్చిందనుకోండి. 35–45 మధ్యే ఉంది కదా అని వదిలేస్తారు. కానీ పీహెచ్ అప్పుడు 7.19 దగ్గరికి దిగుతుంది. శ్వాస కండరాలు అలసిపోతున్నాయన్నమాట, వెంటిలేటర్ గురించి ఆలోచించాల్సిన వేళ.

మిగతా సందర్భాలు క్లుప్తంగా. కార్బన్ డయాక్సైడ్ 10 పెరిగితే బైకార్బొనేట్ హఠాత్తు దశలో 1, దీర్ఘకాలంలో 4 పెరుగుతుంది. 10 తగ్గితే హఠాత్తుగా 2, దీర్ఘకాలంలో 4 నుంచి 5 తగ్గుతుంది. మెటబాలిక్ ఆల్కలోసిస్‌లో బైకార్బొనేట్ 1 పెరిగితే కార్బన్ డయాక్సైడ్ 0.7 పెరుగుతుంది. మూత్రపిండాల పరిహారం పూర్తవడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. అందుకే రోగచరిత్ర తెలియకుండా ఏ అంకె వాడాలో తేలదు.

నాలుగోది అనయాన్ గ్యాప్. పీహెచ్ మామూలుగా ఉన్నా ఇది లెక్కకట్టాల్సిందే.

```
AG = 138 − (90 + 14) = 34
```

మామూలుగా 12 ఉంటుంది. అల్బుమిన్ 4 కంటే 1 గ్రాము తగ్గిన కొద్దీ గ్యాప్‌కు 2.5 కలపాలి, ఐసీయూలో ఇది మరిచిపోతే లాక్టేట్ పెరుగుదల దాక్కుంటుంది. ఈ రోగికి అక్కర్లేదు.

ఇక డెల్టా నిష్పత్తి:

```
(34 − 12) / (24 − 14) = 2.2
```

1 నుంచి 2 మధ్య ఉంటే ఒక్క హై గ్యాప్ అసిడోసిస్. 1 కంటే తక్కువైతే మామూలు గ్యాప్ అసిడోసిస్ కూడా కలిసి ఉంది. 2 దాటింది కాబట్టి ఇక్కడ మెటబాలిక్ ఆల్కలోసిస్ దాగి ఉంది. గ్యాప్ 22 పెరిగినా బైకార్బొనేట్ 10 మాత్రమే తగ్గిందంటే, అసిడోసిస్‌కు ముందు అది 36 దగ్గర ఉండి ఉంటుంది. వాంతుల్లో కడుపు ఆమ్లం పోయింది. క్లోరైడ్ 90 కూడా అదే చెబుతోంది.

నిర్ధారణ: కీటోఅసిడోసిస్‌తో పాటు మెటబాలిక్ ఆల్కలోసిస్, శ్వాస పరిహారం సరిగా ఉంది. రక్తంలో కీటోన్లు చూసి ఖాయం చేసుకోవాలి. బైకార్బొనేట్ ఎక్కించాల్సిన పని లేదు, ఇన్సులిన్‌తో కీటోన్లే బైకార్బొనేట్‌గా మారతాయి. ఇన్సులిన్‌కు ముందు పొటాషియం చూడండి: వాంతుల వల్ల అది ఇప్పటికే తగ్గి ఉండొచ్చు, ఇన్సులిన్ ఇంకా తగ్గిస్తుంది.