పార్ట్‌టైమ్ అకౌంటెంట్ కావలెను

తెనాలి, 10 నవంబరు 2025

తెనాలిలో వ్యవసాయ మోటార్లు, పీవీసీ పైపులు, ఫిట్టింగులు, డ్రిప్, స్ప్రింక్లర్ సామగ్రిని టోకుగానూ చిల్లరగానూ అమ్ముతున్న మా దుకాణంలో, సాయంత్రం వేళ వచ్చి పద్దులు రాసేందుకు ఒక అకౌంటెంట్ కావలెను. సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 4 గంటల నుంచి 7 గంటల వరకు పని ఉంటుంది. జీతం నెలకు 9,000 రూపాయలు. టాలీ ప్రైమ్‌లో స్వయంగా పని చేసిన అనుభవం తప్పనిసరి. ఇప్పుడు లెక్కలు చూస్తున్నవారికి వేరే ఊళ్లో పూర్తికాలపు ఉద్యోగం వచ్చినందున ఈ నెలాఖరుకు వెళ్లిపోతున్నారు. కొత్తగా వచ్చేవారు డిసెంబరు 1వ తేదీ సోమవారం నాడు చేరవలసి ఉంటుంది. వీలైతే అంతకు ముందు రెండు మూడు సాయంత్రాలు వచ్చి ఆయన దగ్గర పద్దులు అప్పగించుకుంటే మంచిది, ఆ రోజులకు కూడా జీతం లెక్కగట్టి ఇస్తాము.

కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాకు, బ్యాంకు పద్దులన్నీ టాలీ ప్రైమ్‌లోనే ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటును ఎక్సెల్‌లో దించుకుని సరిచూస్తాము. కనుక ఎక్సెల్‌లో వడపోత, మొత్తాలు, రెండు పట్టికలను పోల్చి చూడటం వచ్చి ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటినప్పుడు ఈ-వే బిల్లు తీయవలసి ఉంటుంది, జీఎస్‌టీ పోర్టల్ నుంచి జీఎస్‌టీఆర్-2బీ దించుకోవలసి ఉంటుంది. రిటర్నులను తుదిగా పరిశీలించి దాఖలు చేసే బాధ్యత మా ఆడిటర్ గారిది. ఆయనకు తప్పుల్లేని లెక్క వేళకు అందించడం మీది. టర్నోవరు అయిదు కోట్ల లోపే ఉన్నా మేము మూడు నెలలకొకసారి కాక నెలనెలా రిటర్నులు వేస్తున్నాము. మా దగ్గర టోకున కొనే చుట్టుపక్కల ఊళ్ల దుకాణదారులు ఇన్‌పుట్ క్రెడిట్ కోసం మా బిల్లులు ప్రతి నెలా తమ 2బీలో కనబడాలని కోరడమే అందుకు కారణం.

పనిలో ఎక్కువ ఓర్పు కావలసింది బాకీల పద్దుల దగ్గర. మా చిల్లర ఖాతాదారుల్లో అధికులు రైతులు. వరి కోతలయ్యాక మొక్కజొన్న వేసే రోజుల్లో మోటార్లు, పైపులు అరువుకు తీసుకెళ్లి, పంట డబ్బు చేతికొచ్చినప్పుడు కొంత కొంతగా జమ చేస్తారు. ఖాతా తండ్రి పేరున ఉంటే ఫోన్‌పే, గూగుల్ పేలలో సొమ్ము కొడుకు పేరునో, అల్లుడి పేరునో, ఒక్కొక్కసారి ధాన్యం కొన్నవారి పేరునో వచ్చి పడుతుంది. స్టేట్‌మెంటులో కనబడే పేరును బట్టి ఎవరి ఖాతాలోనో జమ వేయడం కుదరదు. కౌంటరులో ఉన్నవారిని అడిగో, రైతుకు ఫోను చేసో తేల్చుకున్నాకే వేయాలి. తేలని జమలను సస్పెన్స్ ఖాతాలో పెట్టవచ్చు గాని, వారం దాటి అక్కడ ఉండనివ్వకూడదు. కట్టిన డబ్బు కట్టలేదని రైతును మళ్లీ అడిగే పరిస్థితి మా కొట్లో రాకూడదన్నది మాకు రిటర్నుల గడువంత ముఖ్యమైన సంగతి. ఒకే ఇంటిపేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా టైపు చేసినందున ఒకే మనిషికి రెండు ఖాతాలు ఏర్పడిన సందర్భాలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటిని ఊరి పేరు, ఫోను నంబరు ఆధారంగా కలపడం మొదటి రెండు నెలల్లో పూర్తి చేయవలసిన పని.

పన్ను రేట్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్, స్ప్రింక్లర్ సామగ్రిపై జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పీవీసీ పైపులపై మాత్రం 18 శాతమే కొనసాగుతున్నది. ఒకే రైతు ఒకే బిల్లులో రెండూ కొంటాడు గనుక ఏ వస్తువు ఏ రేటు కింద ఉన్నదో టాలీలోని ఐటెమ్ వివరాల్లో సరిగా ఉండాలి. ఆ తేదీకి ముందు అమ్మిన సరుకు ఇప్పుడు వెనక్కి వస్తే పాత బిల్లులో ఉన్న రేటుకే క్రెడిట్ నోటు రాయాలి. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదు చెల్లింపు పద్దు కనబడితే రాసి ఊరుకోకుండా మా దృష్టికి తేవాలి.

ప్రతి నెలా జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ గడువులు. అందువల్ల 8 నుంచి 10 వరకు, 16 నుంచి 19 వరకు రోజుకు ఒక గంట అదనంగా ఉండవలసి రావచ్చు. 14న వచ్చే 2బీతో కొనుగోలు బిల్లులు సరిపోల్చే పనిని 16 లోపు ముగిస్తే ఆ అదనపు గంట చాలాసార్లు అక్కరలేదు. ఈ అదనపు వేళకు గంటకు 120 రూపాయలు విడిగా ఇస్తాము. ఏప్రిల్‌లో సంవత్సరాంతపు లెక్కలు, స్టాకు సరిచూపు పూర్తయ్యాక 3,000 రూపాయలు, సంక్రాంతికి 2,000 రూపాయలు ఇవ్వడం మా ఆనవాయితీ. జీతం ప్రతి నెలా 5వ తేదీలోపు బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. మొదటి నెల ఇరువైపులా పరీక్షాకాలం, ఆ నెలకూ పూర్తి జీతమే. మూడు నెలల తరువాత పని సంతృప్తికరంగా ఉంటే జీతం 10,000 రూపాయలు చేస్తాము. నెలకు ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. గడువు రోజుల్లో తప్ప ఎప్పుడైనా వాడుకోవచ్చు.

బీకాం చదివినవారికి ప్రాధాన్యం ఉంటుంది గాని, డిగ్రీ లేకపోయినా కనీసం ఒక ఏడాది ఏదైనా దుకాణంలోనో ఆడిటర్ కార్యాలయంలోనో పద్దులు రాసినవారు నిస్సంకోచంగా రావచ్చు. గృహిణులు, ఉద్యోగ విరమణ చేసినవారు, సీఏ ఇంటర్ చదువుతున్నవారు అర్హులే. తెలుగు చేతిరాత చదవగలగాలి, ఎందుకంటే అరువు చీటీలన్నీ తెలుగులోనే ఉంటాయి, మా గుమస్తాల చేతిరాత అంత గొప్పదేమీ కాదు. చీటీలు కొట్లోనే ఉండాలి గనుక ఇంటి నుంచి చేసే వీలు లేదు. డబ్బు వసూలుకు గాని, సరుకు మోయించడానికి గాని, బ్యాంకుకు నగదు పట్టుకెళ్లడానికి గాని అకౌంటెంట్‌ను పంపము.

ఆసక్తి ఉన్నవారు నవంబరు 22వ తేదీ శనివారం లోపు, ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్య, ఈ నోటీసు అంటించి ఉన్న మా దుకాణం కౌంటరులో స్వయంగా కలవగలరు. చదువు, అనుభవం, ఇంతకు ముందు పని చేసిన చోటు రాసిన ఒక కాగితం, ఆధార్ నకలు తెస్తే చాలు. ఒక రోజు చీటీలు కొన్ని ఇచ్చి టాలీలో అరగంట పని చేయించి చూస్తాము. వేగం కన్నా పద్దు సరైన ఖాతాలో పడిందా లేదా అన్నదే చూస్తాము. ఎంపికైనవారికీ కానివారికీ నవంబరు 25వ తేదీలోపు ఫోను చేసి తెలియజేస్తాము.

ఇట్లు,
యజమాని