రేపు శుక్రవారం: తిని రండి, నిజం చెప్పండి

అందరికీ నమస్కారం. మేడం నాకు ఐదు నిమిషాలే ఇచ్చారు, నేరుగా విషయానికొస్తా.

రేపు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా మన సెమినార్ హాల్లో రక్తదాన శిబిరం. శనివారం మనలో చాలామంది స్వామికి ఒక్కపొద్దు ఉంటారు కాబట్టే శుక్రవారం పెట్టాం. శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళు ఈసారికి రావద్దు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వడానికి వీల్లేదు.

రుయాకి, స్విమ్స్‌కి, ప్రసూతి ఆసుపత్రికి ఒక్క తిరుపతి వాళ్ళే రారు, చుట్టుపక్కల జిల్లాల నుంచీ వస్తారు. కాన్పులో రక్తస్రావమైన తల్లికి, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి అప్పటికప్పుడు రక్తం కావాలి. తలసీమియా పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఎక్కించాల్సిందే. రక్తాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయలేం. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 నుంచి డబ్బులకు రక్తం అమ్మడం నిషేధం. ఇక మిగిలింది మనుషులు తమంతట తాము ఇవ్వడమే.

తీసుకున్న రక్తం ఎక్కువకాలం నిలవ ఉండదు కూడా. మీ ఒక్క యూనిట్‌ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తారు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల వరకు పనికొస్తాయి. ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే, అదీ 20–24 డిగ్రీల దగ్గర కదుపుతూ ఉంచితేనే. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం జనం పరుగులు పెట్టడానికి ఇదొక పెద్ద కారణం. పోయిన నెల వందమంది ఇచ్చినా, ఆ ప్లేట్‌లెట్లు ఈ రోజు లేవు.

ఎవరు ఇవ్వచ్చంటే: 18 ఏళ్ళు నిండాలి, బరువు 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి. తీసుకునేది 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటినవాళ్ళ దగ్గర 450 దాకా. 45 కిలోల మనిషి ఒంట్లో సుమారు మూడు లీటర్ల రక్తం ఉంటుంది, అందులో ఇది తొమ్మిదో వంతు. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లోనే భర్తీ అవుతుంది, ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది. సూది గుచ్చాక పది నిమిషాల్లో అయిపోతుంది.

కళ్ళు తిరుగుతాయేమో అని చాలామంది భయం. కొందరికి తిరుగుతాయి, నిజమే. రాత్రి నిద్రలేకపోవడం, టిఫిన్ తినకపోవడం, నీళ్ళు తాగకపోవడం, అవగానే గబుక్కున లేచి నిలబడటం దానికి ఎక్కువగా కారణాలు. కాబట్టి ఈ రాత్రి త్వరగా పడుకోండి. పొద్దున ఇడ్లీ, పొంగలి, ఉగ్గాని, ఏదైనా కడుపునిండా తినండి. ఇచ్చే ముందు అర లీటరు నీళ్ళు తాగండి. అయ్యాక పడుకునే ఉండండి, మెల్లగా లేచి కూర్చోండి, బిస్కెట్లు, జ్యూస్ తీసుకుని పావుగంటైనా హాల్లోనే ఉండండి. తల తేలికగా అనిపిస్తే సిగ్గుపడకుండా పిలవండి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడతాం. సూది తీసిన చోట చెయ్యి చాపి, దూది మీద గట్టిగా అదిమి పట్టుకోండి. మోచెయ్యి మడిచి వదిలేస్తే లోపల రక్తం కారి కమిలిపోతుంది. ఆ రోజంతా బరువులెత్తొద్దు, జిమ్ వద్దు, అలిపిరి మెట్లెక్కి కొండకు పోదామనుకునేవాళ్ళు ఇంకో రోజు పెట్టుకోండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. అక్కడ ఒక ఫారం ఇస్తారు. దాన్ని పక్కవాడి ఫారం చూసి నింపొద్దు. ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకున్నా, టైఫాయిడ్ వచ్చినా, మూడు నెలల్లో మలేరియా వచ్చినా, ఇప్పుడు యాంటీబయాటిక్ వాడుతున్నా చెప్పండి. వ్యక్తిగతమైన ప్రశ్నలు కూడా ఉంటాయి. డాక్టరు విడిగా కూర్చోబెట్టి అడుగుతారు, మేం ఎవరం దగ్గరుండం. ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. అయినా జబ్బు అంటుకున్న తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అప్పుడు రోగిని కాపాడేది మీరు చెప్పే నిజమే. స్నేహితులు లాక్కొచ్చారని ఎవరూ ఇవ్వొద్దు. వద్దనుకున్నవాళ్ళని ఎందుకని ఎవరూ అడగొద్దు.

అమ్మాయిలూ, మీలో కొందరిని హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపుతారు. అది అవమానం కాదు. రక్తహీనత ఉందని ఉచితంగా తెలిసినట్టే. డాక్టరుకి చూపించుకోండి. మునగాకు, రాగులు, కందిపప్పు తినండి, పైన నిమ్మరసం పిండుకోండి, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. నాలుగు నెలల తర్వాతి శిబిరానికి రండి.

పేర్లు ఇప్పుడే బయట టేబుల్ దగ్గర రాసుకుంటాం. గంటకు పన్నెండు మందికే మంచాలున్నాయి, అందుకే మీకు కుదిరే టైమ్ కూడా రాయండి. ల్యాబ్ ఉన్నవాళ్ళు 11 తర్వాత స్లాట్ తీసుకోండి. ఐడీ కార్డు మర్చిపోవద్దు.