ఇల్లు ఎవరికి

లాయర్ గారు కవరు పైకెత్తి, వెనక్కి తిప్పి, లక్క సీళ్లు చెక్కుచెదరలేదని అందరికీ చూపించారు. మా ఆరుగురిలో ఒక్కరూ దగ్గరికెళ్లి చూడలేదు, చూస్తే ఆశపడుతున్నట్టుంటుందని. ఆశ మాత్రం అందరికీ ఉంది. నాయనమ్మ పేరు మీద మిగిలిందల్లా ఆ ఇల్లూ, కాస్త బంగారం, బ్యాంకులో ఒక డిపాజిట్టు. తన పిల్లలకి, అంటే నాన్నకీ బాబాయికీ అత్తకీ, ఇవ్వాల్సింది బతికుండగానే ఇచ్చేసింది కాబట్టి ఇక వంతు మనవలదేనని మా లెక్క. ఇల్లు అమ్మితే తలా ఎంతొస్తుందో చిన్నన్నయ్య అప్పటికే వేసి పెట్టాడు కూడా, ఆ అంకె మా అందరి ఫోన్లలోనూ ఉంది.

సీలు పగిలి లక్క ముక్కలు బల్ల మీద రాలాయి. ఆయన వాటిని అరచేతి అంచుతో ఓ పక్కకి తోసి, కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు.

"నేను పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేమైనా ఉంటే అవి చెల్లవు."

గాజులు నాలుగూ మనవరాళ్లిద్దరికీ చెరి రెండు, మనవళ్లు వాటి ఊసెత్తకూడదు. డిపాజిట్టు ఆరుగురికీ సమానం. ఇంతవరకూ ఎవరికీ ఏ పేచీ లేదు. "ఇక ఇల్లు" అని సరిగ్గా అక్కడే ఆగి ఆయన మంచినీళ్లు తాగారు. లాయర్లకి ఇది ఎవరు నేర్పిస్తారో మరి.

"నా స్వార్జితమైన ఇల్లు, వెనక ఖాళీ స్థలంతో సహా, నా పెద్ద మనవడితో విడిపోయిన అమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. విడాకులు వాళ్లిద్దరి మధ్య జరిగాయి. నాకూ ఆ పిల్లకీ మధ్య జరగలేదు."

"ఈ ముక్క ఆవిడ మాటల్లోనే ఉండాలని పట్టుబట్టారు" అన్నారు లాయర్ గారు, తనకేం సంబంధం లేదన్నట్టు.

పెద్దన్నయ్య మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. బావ మాత్రం వెంటనే, "ఇది చెల్లుతుందా అండీ?" అన్నాడు.

"స్వార్జితం కదా, ఎవరికైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి, డాక్టర్ సర్టిఫికెట్ జత చేసి ఉంది. ఇంకా ఉంది, వినండి."

"నా కాలు విరిగి మంచాన పడ్డ ఎనిమిది నెలలూ ఆ అమ్మాయి వారం వారం వచ్చింది. తల దువ్వి, గోళ్లు తీసి, మందులన్నీ డబ్బాలో రోజువారీగా సర్ది వెళ్లేది. అవన్నీ పనమ్మాయి చేస్తోందని మీరంతా అనుకున్నారు, ఆవిడ జీతం పెంచాలని కూడా అన్నారు. చెప్పొద్దని తనే అడిగింది కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు చెప్తే నన్నేం చేయలేదు కదా."

చివర్లో ఒక షరతు. కబురు అందిన 30 రోజుల్లో తను వద్దని రాసిస్తే ఇల్లు అమ్మి ఆరుగురూ పంచుకోవాలి. ఆ మాటతో గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు, నాక్కూడా.

"వదిన వద్దనే అంటుంది, ఆవిడ తత్వం అదే. నువ్వే ఫోన్ చెయ్యన్నయ్యా" అన్నాడు చిన్నన్నయ్య.

చేశాడు. స్పీకర్ నొక్కింది మాత్రం చిన్నన్నయ్యే.

"చెప్పండి" అంది వదిన.

పెద్దన్నయ్య తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి, మొత్తానికి విషయం చెప్పాడు.

"నాకెందుకు? మీ చెల్లెళ్లకి ఇవ్వాల్సింది. నాకొద్దు. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి, వచ్చి పెట్టి వెళ్తాను."

చిన్నన్నయ్య బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"ఇప్పుడే ఏమీ అనకు, నెల టైముంది. కాగితం నీ చేత్తో తీసుకుని చదువు, తర్వాత చెప్పు" అన్నాడు పెద్దన్నయ్య.

"చదివినా వద్దనే అంటాను."

"అప్పుడు చూద్దాం."

"అన్నయ్యా, వద్దంటోంది కదా, నీకేమైంది?" చిన్నన్నయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ ఎనిమిది నెలల్లో నువ్వెన్నిసార్లు వెళ్లావ్?"

"నువ్వెన్నిసార్లు వెళ్లావేంటి?"

"నేనూ వెళ్లలేదురా. అందుకే నోరు మూసుకోమంటున్నా."

"స్పీకర్‌లో పెట్టారా?" అంది ఫోన్లోంచి వదిన.

ఎవరం పలకలేదు. లాయర్ గారే కాస్త ముందుకి వంగి, "నమస్కారమండీ, నోటీసు పంపాలి, మీ అడ్రస్ ఒకసారి చెప్తారా?" అని పెన్ను మూత తీశారు.