తూము చెక్కలు

1

స్కూటీ లైటు చెరువు మీద పడేలోపే తూము మీద పడింది. పై రెండు చెక్కలు తీసి గట్టు మీద ఒకదానిమీద ఒకటి పెట్టి ఉన్నాయి. రెండు వరసల మధ్య తొక్కిన బంకమట్టిని పారతో ఎత్తి పక్కన పోశారు. వల బిగించిన చట్రం లోంచి నీళ్లు చప్పుడు చేస్తూ మురుగు కాలువలోకి దూకుతున్నాయి.

నాగమణి బండి దిగి, ముందు టైము చూసుకుంది. నాలుగూ ఐదు. మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, కొలకర్ర దగ్గర సెల్‌ఫోను లైటు వేసింది. సాయంత్రం నాలుగడుగుల గీత తాకుతూ ఉన్న నీరు ఎనిమిది అంగుళాలు కిందికి దిగింది. తడి మరక ఇంకా ఆరలేదు. రెండెకరాల చెరువు. మనసులోనే లెక్క కట్టేసింది, పదహారు లక్షల లీటర్లకి తక్కువ కాదు.

"అబ్బులూ, అన్నయ్య ఏడీ?"

"మేత షెడ్డు కాడున్నారండి. లారీవోళ్లతో మాట్లాడతన్నారు." అబ్బులు ఆమె మొహంలోకి చూడకుండా చెక్‌ట్రే పైకి లాగాడు. రాత్రి పదింటికి వేసిన మేత వేసినట్టే ఉంది. ట్రేలో ఏడు రొయ్యలు. ఆమె ఒకదాన్ని తీసి, తలకాయ డిప్ప ఊడదీసి లైటుకి అడ్డం పెట్టింది. డిప్ప లోపలివైపు ఆవగింజలంత తెల్లమచ్చలు. రెండోదీ అంతే. మూడోది ఒళ్లంతా ఎర్రబారింది, పేగులో మేత లేదు. ఏడూ చూసేదాకా ఆపలేదు. రాత్రి ఆకివీడు ల్యాబులో మిషను చెప్పేసిందే ఇదంతా. అయినా చూసింది.

గట్టు వారన నీళ్లు కదులుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న రొయ్య లైటు పడితే ఎగిరి పారిపోతుంది. ఇవి ఒడ్డుకి ఆనుకుని, మీసాలు మాత్రం ఆడిస్తూ ఉండిపోయాయి. నాలుగు ఏరేటర్లలో మూడే తిరుగుతున్నాయి.

"నాలుగోది ఎందుకు ఆపారు?"

"అటు పక్క నీళ్లు తగ్గి రెక్కలు బురదకి తగులుతన్నాయండి. మోటారు కాలిపోద్దని అన్నగారు ఆపించేశారు."

రాఘవులు గట్టు మీదనుంచి వస్తూనే మాట అందుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి చెల్లెలికి ఇచ్చాడు. "తాగు. రాత్రంతా నిద్ర లేదు నీకు. ఆరింటికి లారీ, ఐస్‌తో సహా వస్తంది. వంద కౌంటుకి కిలో రెండొందల నలభై అన్నాడు. ఎనిమిదింటికల్లా తూకం అయిపోతే మచ్చలు ఎవడి కంటా పడవు."

"చెక్కలు ఎప్పుడు తీశావు?"

"టీ చల్లారిపోద్ది."

"నేను ఫోను చేసింది పదకొండూ నలభైకి. ఎప్పుడు తీశావన్నయ్యా?"

"పన్నెండింటికి."

నాగమణి గ్లాసు తూము గోడ మీద పెట్టింది. ఫలితం వచ్చిన వెంటనే అన్నయ్యకి చెప్పాలనే తొందరలో తూము సంగతి ఎత్తలేదు. తీస్తాడని అనుకోలేదు. వైట్ స్పాట్ వైరస్ తగిలిన చెరువు నీళ్లు బయటికి వదలకూడదని వాడికి చెప్పాల్సిన పని లేదు. తూము బిగించి, రొయ్యల్ని వలతో పట్టేసి, మిగిలిన నీళ్లకి ఎకరానికి మూడొందల కిలోల లెక్కన బ్లీచింగ్ కొట్టి వారం రోజులు నిలవుంచాలి. ఆ బోర్డు ల్యాబులో గోడ మీద రాసింది వీడి చేతనే. అక్షరాలు బాగుంటాయని.

"వలలు లాగించు. బ్లీచింగ్ ఇరవై నాలుగు బస్తాలు నేను ల్యాబు పేరు మీద అప్పు తెస్తాను," అంది.

"వల లాగితే పన్నెండు మంది కావాలి, మధ్యాహ్నం దాటుద్ది. బురద లేచి, అసలే ఊపిరాడనివి వలలోనే చస్తాయి. చచ్చినవీ ఎర్రవీ వాడు పక్కకి తీసేస్తాడు. పదహారొందల కిలోలు రావాల్సిన చోట పన్నెండొందలు వస్తే మేతకొట్టు అప్పు కూడా తీరదు." గొంతు పెంచలేదు రాఘవులు. కోపం వస్తే వాడి గొంతు తగ్గుతుంది. "అసలు ఇది మన చెరువులోకి ఎక్కణ్నించి వచ్చింది? సీడు నువ్వే టెస్టు చేశావు, శుభ్రంగా ఉందన్నావు. అరవై రెండు రోజులు పెరిగాయి. పై చెరువులోళ్లు పోయిన వారం వదిలారు, మనం మర్నాడు నీళ్లు పెట్టుకున్నాం. వాళ్లొచ్చి చెప్పారా మనకి?"

"చెప్పలేదు."

"మరి?"

ఆ మాటకి నాగమణి దగ్గర జవాబు లేదు. వంగి, పై చెక్క ఎత్తింది. నీళ్లు తాగిన టేకు చెక్క, ఒక్కదానివల్ల కాలేదు. "అబ్బులూ, ఒక చెయ్యెయ్యి."

అబ్బులు రెండడుగులు వేసి, రాఘవులు వైపు చూసి ఆగిపోయాడు.

"కింద పిన్ని చెరువుంది అన్నయ్యా. కిలోమీటరు కూడా లేదు."

"పిన్నికి నేను చెప్పుకుంటాను."

"ఏమని?"

రాఘవులు మాట్లాడలేదు. ఈ చెరువు లీజు కట్టేటప్పుడు పిన్ని మెళ్లో ఆరు కాసుల గొలుసు తీసి ఇచ్చింది. అది ఇంకా బ్యాంకులోనే ఉంది. ఆ రసీదు వాడి జేబులోని పర్సులో ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

నాగమణి చెక్క కొసని గాడిలోకి దూర్చింది. రెండో కొస నీళ్ల తోపుడికి తిరగబడింది. అరచేయి చీరుకుంది. మళ్లీ ఎత్తింది. ఈసారి చెక్క గాడిలో కూర్చుంది కానీ అడుగున వేలెడు సందు మిగిలింది. అందులోంచి నీళ్లు ఇంకా గట్టిగా చిమ్మాయి. మట్టి తొక్కితే తప్ప ఆగదు. పార కోసం చుట్టూ చూసింది. పార రాఘవులు చేతిలో ఉంది.

"ఇయ్యి."

"ఇప్పుడు మూసి ఏం లాభం? పోవాల్సిన నీళ్లు పోయాయి."

"ఐదింటికి ఉప్పుటేరు పోటు. కాలువ వెనక్కి తన్నుద్ది. మనం వదిలిన నీళ్లు ఎటూ పోవు, పిన్ని మోటారు ముందే నిలబడతాయి. ఇంకో గంట వదిలితే ఇంకో నాలుగు లక్షల లీటర్లు. పార ఇయ్యన్నయ్యా."

జాకెట్టు జేబులో ఫోను మోగింది. తడిచేత్తో తీసింది. పిన్ని పేరు. రాఘవులు కూడా చదివాడు. పార గట్టుకి గుచ్చి, చెయ్యి అడ్డంగా ఊపాడు, తీయొద్దని. నాగమణి తీసింది. చెవి దగ్గర పెట్టుకోకుండా స్పీకరు నొక్కింది.

"అమ్మాయ్, నిద్ర లేపానేంటే?" వెనకాల ఇంజను స్టార్టు చేయడానికి ఎవరో తాడు లాగుతున్నారు. "పోటు ముందే పొడిచేలా ఉంది. చెరువులో నీరు జానెడు తగ్గిందని మోటారు వేయిద్దామనుకుంటన్నా. మీ వైపు కాలువ నీళ్లు బాగానే ఉన్నాయా? అన్నయ్య ఫోను ఎత్తట్లేదు."

రాఘవులు చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా కాదు. "రెండు రోజులు ఆగు," అన్నాడు పెదాలతోనే. "నేనే చెప్తాను. డబ్బులు చేతికి రానీ."

తాడు మళ్లీ లాగారు అటు. ఇంజను దగ్గి, అందుకుంది.

"పిన్నీ, మోటారు ఆపించు," అంది నాగమణి.

"ఏంటీ? ఇంజను గోలలో వినపడట్లేదు. వెయ్యమంటావా?"

"వెయ్యొద్దు. ఆపించు. చుక్క నీరు కూడా పెట్టొద్దు."

ఇంజను ఆగింది. మాట్లాడుతున్నప్పుడు పిన్ని గొంతులో ఇందాకటి తీరిక లేదు.

"ఎవరు వదిలారే?"