బూట్లు కిర్రుమంటుంటే ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకోండి

పోయిన నవంబర్‌లో డిగ్రీ పరీక్షలకు నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. తిరుపతిలో నవంబర్ అంటే వానలే కదా, బండి మీద కాలేజీకి చేరేసరికి బూట్లు బాగా తడిసిపోయాయి. హాల్లో నలభై మంది తల వంచుకుని రాస్తున్నారు, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను అడుగు వేస్తే కిర్రు, ఇంకో అడుగు వేస్తే కీచు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి నేను అటు వెళ్లిన ప్రతిసారీ పెన్ను ఆపి, చప్పుడు దాటిపోయాక మళ్లీ రాయడం మొదలుపెట్టేది. ఏడాదంతా చదివి వచ్చిన పిల్ల నా బూట్ల వల్ల ఒక్క నిమిషం పోగొట్టుకున్నా తప్పే అనిపించింది. చివరికి బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, సాక్సులతోనే తిరిగాను.

ఆ వారం నుంచి ఈ చప్పుడు సంగతి పట్టుకున్నాను. ఇంట్లో నాలుగు జతలు విప్పి చూశాను, రైల్వే స్టేషన్ దగ్గర బూట్లు కుట్టే పెద్దాయన పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే: బూటు మొత్తం కిర్రుమనదు, ఏదో ఒక చోటే కిర్రుమంటుంది. ఆ చోటు తెలియకుండా నూనె పోసినా పౌడర్ చల్లినా లాభం లేదు.

అసలు చప్పుడు ఎలా పుడుతుందంటే, రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకునేటప్పుడు నున్నగా జారకుండా ఒక క్షణం అంటుకుని, వెంటనే విడిపోయి, మళ్లీ అంటుకుంటాయి. ఇది సెకనుకు వందలసార్లు జరిగితే మన చెవికి కీచుమని వినపడుతుంది. వయొలిన్ తీగ మీద కమాను పలికేదీ, బోర్డు మీద చాక్‌పీస్ గీచుమనేదీ ఇలాగే.

చోటు పట్టుకోవడానికి ముందు ఇన్‌సోల్ తీసేసి నాలుగు అడుగులు నడవండి. చప్పుడు ఆగిపోతే తప్పు ఇన్‌సోల్‌దే. ఆగకపోతే గ్రానైట్ మీద ఒకసారి, గోనెపట్టా మీదో చాప మీదో ఒకసారి నడిచి చూడండి, గ్రానైట్ మీద మాత్రమే వస్తుంటే అది సోల్‌కీ నేలకీ మధ్య గొడవ. రెండు చోట్లా వస్తుంటే బూటు చేతిలోకి తీసుకుని, ముందు భాగం వంచి, మడమ దగ్గర బొటనవేలితో నొక్కి, లేసుల కింద ఉండే నాలుకను అటూ ఇటూ కదిపి చెవి దగ్గర పెట్టుకుని వినండి. నడిచేటప్పుడు మడమలోంచి వస్తున్నట్టు అనిపించిన చప్పుడు చేతిలోకి తీసుకున్నాక లేసుల దగ్గర దొరకడం నేను రెండుసార్లు చూశాను.

ఎక్కువగా దొరికే దొంగ ఇన్‌సోలే. కొన్నాళ్లకు అది ఎండి బిరుసెక్కి, అంచులు కొద్దిగా పైకి లేచి, అడుగు వేసినప్పుడల్లా కింది అట్టకూ పక్క గోడలకూ రాసుకుంటుంది. దీనికి ఇంట్లో ఉండే టాల్కమ్ పౌడరే మంచి మందు. ఇన్‌సోల్ ఎత్తి, దాని అడుగున, బూటు లోపలి నేల మీద, ముఖ్యంగా అంచుల వెంబడి పల్చగా చల్లి, వేలితో రుద్ది, మళ్లీ పెట్టేయండి. పౌడర్ ఆ రెండూ అంటుకోకుండా అడ్డుపడుతుంది, కొంచెం చెమ్మ కూడా పీల్చుకుంటుంది. చాలామంది పౌడర్ ఇన్‌సోల్ పైన, అంటే పాదం ఆనే చోట చల్లి, చప్పుడు పోలేదంటారు. పోదు, రాపిడి ఉన్నది కింద కదా. పౌడర్ లేకపోతే వంటింట్లో కార్న్‌ఫ్లోర్ వాడొచ్చు కానీ తడి తగిలితే ముద్ద కడుతుంది. ఇన్‌సోల్ అంచులు మరీ విరిగిపోయి ఉంటే పౌడర్‌తో కుస్తీ పట్టకుండా కొత్తది కొని, పాతదాని మీద పెట్టి అదే కొలతకు కత్తిరించుకోవడం మేలు.

ఇక గాలి సంగతి. చిన్నపిల్లలకు నడక వచ్చేటప్పుడు వేసే పీపీ చెప్పులు చూశారు కదా, మడమలో చిన్న గాలి బుడ్డి, దానికో ఈల. నొక్కితే గాలి సన్నని దారిలోంచి బయటికి తోసుకువస్తూ కూస్తుంది. మన బూట్లలోనూ మడమ కింద బరువు తగ్గడానికి గుల్లగా గదులు వదిలే రకాలు చాలా ఉన్నాయి. గమ్ము ఎక్కడైనా ఊడితే ఆ సందులోంచి ప్రతి అడుగుకీ గాలి పోతూ వస్తూ ఉంటుంది. నా బూటు చూసి పెద్దాయన అన్నది అదే: "లోపల గాలి ఆడతా ఉండాది సార్, నీళ్లు కూడా చేరినాయి." వాన నీళ్లు తోడైతే కిర్రుకు బదులు పచ్ పచ్ అంటుంది.

దీనికి మొదటి పని ఆరబెట్టడం. ఇన్‌సోల్, లేసులు తీసేసి, లోపల పేపర్ ఉండలు కూరి, అవి తడవగానే మారుస్తూ ఫ్యాన్ కింద ఒక రాత్రి ఉంచండి. మిట్టమధ్యాహ్నం ఎండలో, పొయ్యి పక్కన మాత్రం పెట్టకండి. ఆ వేడికి తోలు పగులుతుంది, ఉన్న గమ్ము కూడా వదిలేస్తుంది, రెండు రోజుల తర్వాత చప్పుడు రెట్టింపవుతుంది. ఆరాక సందు కనిపిస్తే లోపలి దుమ్ము తుడిచి, చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు రంగు రబ్బరు గమ్ము రెండు వైపులా పల్చగా పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, గట్టిగా అదిమి, తాడుతో కట్టి రాత్రంతా వదిలేయండి. చటుక్కున అతికే చిన్న ట్యూబు గమ్ము వద్దు, అది ఎండితే గాజులా బిరుసవుతుంది, నడకలో సోల్ వంగగానే విరిగి ఆ విరిగిన చోటే మళ్లీ కిర్రుమంటుంది.

నాలుకకు చప్పుడు వస్తుంటే పని తేలిక. తోలు నాలుక అంచు పైతోలుకు రాసుకుంటుంది, దాని రెండు పక్కలా కొంచెం లెదర్ క్రీమ్ పూసి ఆరనిచ్చి తుడిచేస్తే చాలు. క్రీమ్ లేకపోతే నాలుక అంచుకు కొంచెం వ్యాజిలీన్ రాసినా సరిపోతుంది. కొబ్బరినూనె అందరి ఇళ్లలో ఉంటుంది కాబట్టి అందరూ అదే రాస్తారు, కానీ లేతరంగు తోలు మీద అది మచ్చ చేస్తుంది, ఎక్కువైతే దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. నూగులా ఉండే స్వెడ్ తోలు బూట్లకు అసలే వద్దు.

గ్రానైట్ మీద మాత్రమే కీచుమనే కొత్త బూట్లకు, అడుగున నున్నగా మెరిసే చోట ఉప్పుకాగితంతో నాలుగుసార్లు తేలిగ్గా రుద్దండి, గాడులు అరిగేంత గట్టిగా కాదు. సోల్ తుడిచి పొడిగా ఉంచినా సగం చప్పుడు పోతుంది. అడుగున నూనె, వ్యాజిలీన్, పౌడర్ ఏదీ రాయకండి. ఇంటి నిండా నున్నటి బండలే, పెద్దవాళ్లు తిరిగే ఇల్లయితే ఆ మరకల మీద వాళ్లు కాలు జారితే తుంటి ఎముక విరగొచ్చు, దీనికంటే చప్పుడు నయం.

మా తాతకు చెప్పండి ఇదంతా, ఆయన ఒప్పుకోడు. ఆయన కాలంలో కిర్రుచెప్పులు అని ప్రత్యేకంగా చేయించుకునేవారు, పెద్దమనిషి వస్తున్నాడని వీధి మొదట్లోనే తెలియాలట. ఆ చెప్పుల కిర్రు పొరల మధ్య తోలు తోలుకు రాసుకునే చప్పుడే.

ఇవన్నీ చేసినా వదలకపోతే, సోల్ మధ్యలో, పాదం వంపు కింద ఉండే రేకు కదిలిందేమో చూడాలి. సోల్ విప్పకుండా అది బాగుపడదు, ఇంట్లో చేసే పని కాదు, కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. గాలి దిండులాంటి సోల్ చిల్లుపడినా అంతే, అతికిస్తే నిలవదు. నా బూట్లకు మడమ గమ్ము పెద్దాయన వేశాడు, ఇన్‌సోల్ పౌడర్ నేను వేసుకున్నాను. తర్వాతి డ్యూటీకి ఇంటి దగ్గరే వరండాలో పది అడుగులు వేసి, విని, ఆ తర్వాతే బండి తీశాను.