హై కాంట్రాస్ట్ థీమ్‌కు అనుమతి కోరుతూ ల్యాబ్ అడ్మినిస్ట్రేటర్ గారికి లేఖ

ల్యాబ్ అడ్మినిస్ట్రేటర్ గారికి,

విషయం: ల్యాబ్ కంప్యూటర్లలో హై కాంట్రాస్ట్ థీమ్ వాడుకోవడానికి అనుమతి కోరడం గురించి.

నమస్కారం సార్. నేను బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం విద్యార్థినిని. నాకు రెండు కళ్లలోనూ కెరటోకోనస్ ఉంది. కార్నియా పలచబడి ముందుకు పొడుచుకు రావడంతో, కళ్లద్దాలు పెట్టుకున్నా అక్షరాల పక్కన నీడలు కనిపిస్తాయి. తెల్లటి స్క్రీన్ మీద నల్లటి అక్షరాలైతే వెలుగు అక్షరాల మీదికి పాకినట్టు ఉంటుంది.

గత గురువారం సి ల్యాబ్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాను. సెమీకోలన్ ఉండాల్సిన చోట కోలన్ పడింది. ఎర్రర్ ఏ లైన్లో ఉందో కంపైలర్ చెప్పింది, ఆ లైను నాలుగుసార్లు చదివాను, అయినా తేడా కనిపించలేదు. చివరికి పక్క సీటు అమ్మాయి చూసి చెప్పింది. ఆ ప్రోగ్రామ్ నాకు బాగా వచ్చు సార్. అందుకే చాలా బాధేసింది.

స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి చూశాను. అక్షరాలూ వెనకున్న తెలుపూ కలిసే మసకబారాయి, చదవడం ఏమీ తేలిక కాలేదు. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో Night sky అనే కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకుంటాను. దాంతో రెండు గంటలైనా తలనొప్పి లేకుండా పనిచేయగలను. మామూలు డార్క్ మోడ్ కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో పనిచేయదు. ఈ థీమ్ అయితే విండోస్ రంగులనే మార్చేస్తుంది కాబట్టి వాటిలో చాలావాటికి కూడా వర్తిస్తుంది.

ఇది ల్యాబ్ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కానీ ఎడమవైపు Alt, ఎడమవైపు Shift, Print Screen కలిపి నొక్కినా రంగులు మారడం లేదు. బహుశా గ్రూప్ పాలసీలో Prevent changing theme ఆన్‌లో ఉండి ఉంటుంది. అది ఇక్కడ ఉంటుంది:

```
User Configuration > Administrative Templates > Control Panel > Personalization
```

అందరూ ఒకే లాగిన్ వాడుతున్నాం కాబట్టి, నా తర్వాత కూర్చునేవాళ్లకు నల్లటి స్క్రీన్ ఎదురవుతుందని మీరు అనుకోవచ్చు. అది న్యాయమైన సందేహమే. నాకు విడిగా ఒక లాగిన్ ఇచ్చి, దానికి మాత్రం ఆ పాలసీ తీసేస్తే ఈ ఇబ్బంది రాదు. ఈ సెట్టింగ్ ఆ యూజర్‌ వరకే ఉంటుంది, మిగతావాళ్ల స్క్రీన్ మారదు. అది కుదరకపోతే మామూలు లాగిన్‌లోనే అనుమతించండి. లేచే ముందు అవే మూడు కీలు నొక్కి థీమ్ ఆఫ్ చేసి వెళ్తానని మాట ఇస్తున్నాను.

నాకు ఒక్క సీటే కేటాయించాలని అడగడం లేదు సార్. బ్యాచ్‌ని బట్టి సీట్లు మారుతుంటాయి కాబట్టి ఏ కంప్యూటర్లోనైనా పనిచేస్తేనే ఉపయోగం.

వచ్చే నెల ప్రాక్టికల్ పరీక్షలు ఉన్నాయి. ఆ రోజు పక్కవాళ్లను అడగడానికి ఉండదు, ఆ టెన్షన్ ఇప్పటినుంచే పట్టుకుంది. ఈలోపు ఒకసారి సరిచూసుకునేలా, వీలైతే వచ్చే వారంలోనే మార్చగలరని కోరుతున్నాను. బుధవారం మధ్యాహ్నం నాకు క్లాసులు లేవు. మీరు రమ్మంటే కంటి డాక్టర్ రిపోర్టు తీసుకుని వస్తాను, థీమ్ ఎలా పనిచేస్తుందో కూడా చూపిస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం, బి సెక్షన్,
రోల్ నంబరు 37