నాలుగు వారాలు తిండి తూకం, మాక్రోల లెక్క

విజయవాడ

రమేష్ గారికి,

సోమవారం నుంచి మన మాక్రోల లెక్క, అంటే తినే ప్రొటీన్, కొవ్వు, కార్బ్స్ లెక్క మొదలు. ఆలోగా అయిదు కిలోల దాకా తూగే, ఒక్కో గ్రాము చూపించే కిచెన్ కాటా తెచ్చుకోండి. వంటగట్టు మీద సమంగా పెట్టండి, ఫ్యాన్ గాలి తగిలితే అంకె నిలవదు. ఖాళీ కంచం పెట్టి TARE నొక్కి సున్నా చేసి అన్నం పెట్టుకోండి. రాసుకున్నాక మళ్లీ నొక్కి పప్పు వేసుకోండి. నెయ్యికి మాత్రం గిన్నెనే కాటా మీద పెట్టి సున్నా చేయండి. చెంచాతో తీశాక మైనస్ 5 చూపిస్తే మీరు తీసింది 5 గ్రాములు, అంటే 45 క్యాలరీలు. కారప్పొడిలో వేసుకునేదీ, ఆవకాయ మీద తేలే నూనే లెక్కలోకి రావాల్సిందే. చాలామంది లెక్క తప్పేది అక్కడే.

ఇంకో పెద్ద తప్పు అన్నం. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలుంటే, వండిన అన్నంలో 130 చొప్పునే ఉంటాయి. నీళ్లు పీల్చుకుని బియ్యం రెండున్నర, మూడు రెట్లవుతుంది కదా. 200 గ్రాముల అన్నం తూచి యాప్‌లో పచ్చి బియ్యం ఎంచుకుంటే 260కి బదులు 700 పడుతుంది. చికెన్ ఉడికితే బరువు తగ్గుతుంది, అందుకే పచ్చిగానే తూచండి.

ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండుతారు కాబట్టి ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి. కందిపప్పు 200 గ్రాములు, నూనె 20 వేశారనుకుందాం. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే పప్పు కిలో తూగింది. మీరు 200 గ్రాములు వేసుకుంటే అయిదో వంతు: కందిపప్పు 40, నూనె 4. ప్రొటీన్ సుమారు 9 గ్రాములు.

మొదటి వారం తిండి ఏమీ మార్చొద్దు. తినేది తినేటప్పుడే రాయండి, రాత్రికి గుర్తు తెచ్చుకుని రాస్తే సగం పోతుంది. రెండో వారం నుంచి మీ 78 కిలోలకు రోజుకు ప్రొటీన్ 125, కొవ్వు 55, కార్బ్స్ 200 గ్రాములు. మొత్తం దాదాపు 1800 క్యాలరీలు. ముందు ప్రొటీన్ అందుకోండి, అటూ ఇటూ 5 గ్రాములు పర్వాలేదు. షుగర్ మందులు వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా మొదలుపెట్టకముందే చెప్పండి, డాక్టర్‌ని అడిగాకే ఈ అంకెలు.

బయట పెసరట్టు తింటే పార్సిల్ తెచ్చుకుని తూచండి, నూనె కోసం అదనంగా 10 గ్రాములు కలపండి. పెళ్లి భోజనమైతే అంచనా రాసి పక్కన 'అంచనా' అని పెట్టండి. ఆ రోజు ఖాళీగా వదిలేస్తే వారం సగటు పనికిరాదు.

రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు మీ బరువు చూసుకోండి. ఉప్పు ఎక్కువైన మర్నాడు కిలో పెరిగినా కంగారు పడొద్దు, అది నీరు. నేను చూసేది ఏడు రోజుల సగటే. మూడో, నాలుగో వారాల సగటు కదలకపోతే ముందు నూనె లెక్క సరిచూస్తాం. అది సరిగా ఉంటేనే కార్బ్స్ 25 గ్రాములు తగ్గిస్తాను. మీ అంతట మీరు తగ్గించకండి.

ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదిలోపు ఏడు రోజుల లాగ్ వాట్సాప్‌లో పంపండి. ఎక్కువ తిన్న రోజుదీ ఉన్నదున్నట్టే పంపండి, నాకు కావాల్సింది అదే.

మీ ట్రైనర్,
కిరణ్